సిలిండర్ వచ్చిన రోజు చేతిలో డబ్బుండాలా?

"ఏటా మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు." 2024 నవంబరులో ఒక ఫొటో కింద ఈ ముక్క రాసింది నేనే. ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఫొటోల కింద, చిన్న వీడియోల మీద వచ్చే తెలుగు రాసిపెట్టడం అప్పట్లో నా పని. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అనవసరం. ఫొటోలో ఒకావిడ ఎర్ర సిలిండర్ పక్కన నిలబడి నవ్వుతూ ఉంటుంది. కింద నా నాలుగు మాటలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, చిన్నగా ఉంది, ఎవరికైనా అర్థమవుతుంది అనుకున్నాను. మా బంధువుల గ్రూపులో కూడా పెట్టాను.

పది రోజుల తర్వాత విజయవాడ సింగ్ నగర్‌లో ఉండే మా పిన్ని ఫోన్ చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి ఆ వీధులన్నీ మునిగాయి. పిన్నివాళ్ల ముందుగది గోడ మీద నడుము ఎత్తున నీటి చార ఇంకా అలాగే ఉంది. ఫ్రిజ్ పోయింది, మంచం పోయింది, ఇంట్లో రూపాయి నిలవని రోజులవి. గ్యాస్ అబ్బాయి సిలిండర్ గుమ్మంలో దించి ఎనిమిది వందల పైచిలుకు అడిగాడట. "ఉచితం గదయ్యా" అందట పిన్ని. "ముందు కట్టాలమ్మా, తర్వాత బ్యాంకులో పడతాయి" అన్నాడట అతను. పక్కవాళ్లంతా చూస్తుండగా వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి చేబదులు తెచ్చి ఇచ్చింది. నాతో అన్నది ఒక్కటే మాట: "ఉచితమని నువ్వే గదే పంపావు?"

నేను రాసిన దాంట్లో అబద్ధం లేదు. పథకం పేరు దీపం-2. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రకటించింది. అయినా పిన్ని కొట్టుకు పరుగెత్తాల్సి వచ్చింది నా వాక్యం వల్లే. అప్పటినుంచి నా మనసులో నాటుకుపోయిన అభిప్రాయం ఇది: పథకం గురించి రాసే రెండు మూడు లైన్లలో, చదివేవాళ్ల జేబులోంచి డబ్బు తీయించే షరతు ఏదైనా ఉంటే, అది ప్రయోజనం చెప్పిన వాక్యానికి ఆనుకునే ఉండాలి. కింద చిన్న అక్షరాల్లోనో, "పూర్తి వివరాలకు" అన్న లింకులోనో ఉంటే చాలదు. సరళంగా రాయమన్నారు కదా అని షరతు తీసేస్తే అది సరళం కాదు, సగం.

పథకం మొదలైనప్పుడు అది నడిచిన తీరు ఇదీ. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, వాడుకలో ఉన్న గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇల్లు మామూలుగానే సిలిండర్ బుక్ చేసుకుంటుంది. సిలిండర్ వచ్చినప్పుడు మామూలుగానే పూర్తి ధర కడుతుంది. డెలివరీ అయిన 48 గంటల్లో ఆ డబ్బు తిరిగి బ్యాంకు ఖాతాలో జమ కావాలి. అంటే గ్యాస్ అబ్బాయికీ ఇంటావిడకూ మధ్య జరిగే వ్యవహారంలో ఏ మార్పూ లేదు. మార్పంతా రెండు రోజుల తర్వాత, బ్యాంకులో. నా ఫొటో చూపించింది గుమ్మాన్ని, పథకం ఉన్నది పాస్‌బుక్కులో.

"ఉచితం" అన్న మాట మన నోట ఎలా ఆడుతుందో చూడండి. "ఉచిత వైద్య శిబిరం" అంటే ఖాళీ చేతులతో వెళ్లొచ్చు. "ఉచిత దర్శనం" అంటే టికెట్ లేదు. ఆ మాట వినగానే మనిషి చెయ్యి జేబు మీదినుంచి పక్కకు వెళుతుంది. ముందు కట్టి తర్వాత తీసుకునేదానికి మన ఊళ్లలో వేరే మాటలున్నాయి: "డబ్బులు తిరిగొస్తాయి", "వెనక్కి ఇస్తారు". ఇవి ఉండగా "ఉచితం" ఒక్కటే వేయడం చదివేవాళ్ల అలవాటుకు విరుద్ధంగా రాయడమే. "రీయింబర్స్‌మెంట్" అని రాస్తే ఉద్యోగులకు తప్ప ఎవరికీ పట్టదు. "రాయితీ" అంటే కొంత తగ్గిస్తారనుకుంటారు, మొత్తం వస్తుందనుకోరు.

ఈ సంగతి మా అధికారికి చెప్పాను. ఆయన మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు. "పథకం ప్రకటనలోనే ఉచితం ఉంది కదమ్మా. అది మనం తీసేస్తే బాగుండదు. ముందు డబ్బు కట్టాలని మొదటి లైన్లోనే రాస్తే చదవడం మానేస్తారు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. నేను అన్నది: "సార్, ఉచితం తీసేయమనడం లేదు. దాని వెంటనే కట్టాలన్న మాట ఉండాలి. చదవడం మానేసినవాళ్లకు ఏ నష్టమూ లేదు. చదివి, డబ్బు లేకుండా గుమ్మంలో నిలబడేవాళ్లకే నష్టం." ఆయన కాసేపు ఆలోచించి "రాసి చూపించండి" అన్నారు.

రాయడానికి కూర్చుంటే "ఏటా మూడు" దగ్గరే ఆగిపోయాను. అదీ సగమే. సంవత్సరాన్ని నాలుగేసి నెలల మూడు విడతలు చేశారు: ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి. విడతకు ఒక్క సిలిండరే. పైగా పథకం మొదలైందే 2024 అక్టోబరు చివర్లో. బుకింగులు 29న తెరిచారు, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో నవంబరు ఒకటిన ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఆ మొదటి సిలిండర్‌కు 2025 మార్చి 31 దాకా గడువు ఇచ్చారు. అంటే నవంబరులో నేను రాసిన ఫొటో కార్డు చూసినవాళ్లకు మార్చి లోపల దక్కేది మూడు కాదు, ఒకటి. ఏడాది మొత్తానికి నిజమైన సంఖ్య చదివేవాళ్లకు ఆ రోజున తప్పుడు సంఖ్య అయింది. రెండో సిలిండర్ కూడా జనవరిలోనే బుక్ చేసి, డబ్బు పడలేదని కంగారుపడేవాళ్లు ఉంటారు. అందుకే "ఏడాదికి 3" అన్నాక "ఇప్పుడు దొరికేది మొదటిది" అని కూడా చెప్పాలని నిర్ణయించుకున్నాను.

గడువు రాయడంలో ఇంకో చిక్కు ఉంది. "మార్చి 31లోపు" అంటే 31 కలుస్తుందా, కలవదా? "31లోగా", "31 వరకు" అని రాసినా ఇంటికొకరు ఒక్కోలా చదువుతారు. అద్దెకిచ్చేటప్పుడు "ఒకటో తారీఖులోపు ఖాళీ చెయ్యి" అంటే ముందు రోజు రాత్రికే సామాను సర్దుతాం. మరి అదే మాట గ్యాస్‌కు వచ్చేసరికి మారుతుందా? పైగా ఆ తేదీ బుకింగ్‌కా, సిలిండర్ ఇంటికి రావడానికా? ఈ రెండు అనుమానాలూ పోయేలా "బుక్ చేసుకోవడానికి ఆఖరి రోజు మార్చి 31" అని రాశాను. నాలుగు అక్షరాలు ఎక్కువైతే అయ్యాయి.

తర్వాత "మీ బ్యాంకు ఖాతాలో". ఇది అన్నిటికన్నా మెత్తగా కనిపించే ముక్క, అన్నిటికన్నా ఎక్కువ మందిని తిప్పేదీ ఇదే. పిన్నికి రెండు ఖాతాలున్నాయి. ఒకటి ఏళ్లనాటిది, కరెంటు బిల్లు నుంచి చీటీ డబ్బుల దాకా అన్నీ అందులోనే. రెండోది వరద తర్వాత, పాత పాస్‌బుక్కు నీళ్లలో నాని ముద్దయిపోతే, ఇంటికి దగ్గరని వేరే బ్యాంకులో తెరిచింది. ఆ కౌంటర్‌లో వేలిముద్ర వేయించుకుని, ప్రభుత్వ డబ్బులు ఇందులో పడేలా చేయమంటారా అని అడిగితే తలూపింది. ఆ తలూపడంతో ఆమె ఆధార్ కొత్త బ్యాంకుకు మారిపోయింది. ప్రభుత్వం ఆధార్ నంబరు మీద పంపే డబ్బు ఒక్క బ్యాంకుకే వెళుతుంది, చివరిసారి ఆధార్‌ను ఏ బ్యాంకుకు మ్యాప్ చేస్తే, అంటే జత కలిపితే, అక్కడికే. సిలిండర్ డబ్బు నిక్షేపంగా మూడో రోజే పడింది. పిన్ని మాత్రం రెండు వారాలు పాత బ్యాంకు చుట్టూ తిరిగింది.

ఇందులో ఇంకో మెలిక. బ్యాంకులో ఆధార్ కాపీ ఇచ్చినంత మాత్రాన డబ్బు అక్కడికి రాదు. ఖాతాకు ఆధార్ వివరాలు ఇవ్వడం ఒకటి, ప్రభుత్వ డబ్బు అందుకునే ఖాతాగా దాన్ని మ్యాప్ చేయించడం ఇంకొకటి. జనం నోట రెండూ "ఆధార్ లింకు"లే. అందుకే "ఆధార్ లింకయిన ఖాతాలో" అని రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఏ బ్యాంకులో ఉందో తెలుసుకోవాలంటే ఆధార్ వాళ్ల మైఆధార్ సైట్‌లో లాగిన్ అయి `Bank Seeding Status` నొక్కితే బ్యాంకు పేరు చూపిస్తుంది. ఇదంతా క్యాప్షన్‌లో పట్టదు, పట్టించకూడదు కూడా. కానీ ఒక్క వాక్యం పడుతుంది: "మీకు రెండు ఖాతాలుంటే, ప్రభుత్వ డబ్బులు ఏ ఖాతాలో పడుతున్నాయో అందులో చూడండి." వేరే ఏ పథకం డబ్బు అందుకున్నవాళ్లకైనా ఆ ఖాతా ఏదో తెలుసు. దాన్ని గుర్తుచేస్తే చాలు, మ్యాపింగు గురించి పాఠం చెప్పనక్కర్లేదు.

ఆఫీసు తెలుగు గురించీ చెప్పాలి. నాకు వచ్చిన నోట్‌లో "లబ్ధిదారులు రాయితీ మొత్తాన్ని పొందగలరు" అని ఉంది. ఈ "గలరు" మన సర్కారు తెలుగులో రెండు పనులు చేస్తుంది. "గమనించగలరు" అంటే దయచేసి గమనించండి అని. "చదవగలరు" అంటే చదివే శక్తి ఉందని. మరి "పొందగలరు" అంటే వస్తుందనా, వచ్చే వీలుందనా, వెళ్లి తెచ్చుకోమనా? అలాగే "ఖాతాలో జమ చేయబడును". ఎవరు చేస్తారు? గ్యాస్ ఏజెన్సీనా, బ్యాంకా, ప్రభుత్వమా? డబ్బు పడకపోతే ఎవరిని అడగాలో ఆ వాక్యం దాచేస్తుంది. పిన్ని ఆ రెండు వారాల్లో గ్యాస్ ఏజెన్సీలో కూడా పోట్లాడింది, పాపం వాళ్ల చేతుల్లో లేని విషయానికి. "ప్రభుత్వం మీ ఖాతాలో వేస్తుంది" అంటే చిన్నది, తేట, అడగాల్సిన చోటూ తెలుస్తుంది.

"48 గంటల్లో" అన్న మాట ఉంచాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. బ్యాంకు సెలవు వచ్చినా, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఆలస్యం అవుతుంది. మాట ఇచ్చి తప్పినట్టవుతుందని మా అధికారి దాన్ని "త్వరలో" అని మార్చమన్నారు. నేను ఒప్పుకోలేదు. "త్వరలో" అంటే ఎప్పుడు కంగారుపడాలో మనిషికి తెలియదు. మూడో రోజు అడగాలా, మూడో నెల అడగాలా? అంకె ఉంచి, అది తప్పితే ఏం చేయాలో పక్కనే రాయడమే న్యాయం. పౌర సరఫరాల టోల్‌ఫ్రీ నంబరు 1967 ఉంది. "డబ్బు పడకపోతే 1967కు ఫోన్ చేయండి" అన్న వాక్యం చేర్చాక ఆయనకూ కుదుటపడింది. గంటలు లెక్కపెట్టేది బుక్ చేసినప్పటినుంచి కాదు, సిలిండర్ ఇంటికి వచ్చినప్పటినుంచి అన్నదీ అక్కడే తేల్చాలి.

ఇక తటస్థంగా రాయడం గురించి. పథకం దీపావళికి మొదలైంది కాబట్టి "దీపావళి కానుక" అన్న మాట ఎవరి నోటికైనా ముందొస్తుంది. నా నోటికీ వచ్చింది. తీసేశాను. కారణం రాజకీయం ఒక్కటే కాదు. కానుక అన్నది ఇచ్చేవాళ్ల ఇష్టం. రాకపోతే ఎక్కడికి వెళ్లి అడుగుతాం? పెళ్లికి రాని కానుక గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. అదే "మీకు రావలసిన డబ్బు" అని రాస్తే, రానప్పుడు 1967కు ఫోన్ చేయడానికి మొహమాటం ఉండదు. "అక్కచెల్లెమ్మలకు వరం" అన్నా అంతే. మెచ్చుకోలు మాట ఒకటి చేరినప్పుడల్లా అడిగే హక్కు ఒక మెట్టు దిగుతుంది.

ప్రభుత్వ ప్రకటనల మీద 2015 మే 13న సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో తీర్పిచ్చింది. తానే వేసిన మాధవ మీనన్ కమిటీ సూచనలు ముందుంచుకుని, ప్రకటనలో విషయం నిష్పాక్షికంగా, అందరికీ అందేలా ఉండాలనీ, పాలక పక్షానికి రాజకీయ లాభం చేకూర్చేలా ఉండకూడదనీ చెప్పింది. బయట చర్చంతా ఫొటోల చుట్టూ నడిచింది. మొదట రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలకే అనుమతి. 2016 మార్చిలో దాన్ని సవరించి గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫొటోలకూ వీలిచ్చారు. ఎవరి ఫొటో ఉండాలన్న దానికి నా పనిలో చోటు లేదు, అది నా చేతుల్లో లేదు. ఫొటో కింది మాటలు మాత్రం నా చేతుల్లోనే ఉన్నాయి. అక్కడ ఆ తీర్పులోని "నిష్పాక్షికంగా" అన్న మాట వర్తించదని నేను అనుకోను.

ఇన్ని చేరిస్తే పొడవైపోదా అంటారు. అవుతుంది. తెలుగుకు ఈ బాధ ఇంకొంచెం ఎక్కువ. "సిలిండర్" కంటికి నాలుగక్షరాలు, ఫోన్ లెక్కలో ఎనిమిది. గుడి, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 దాకా పడితే తెలుగులో 70. "మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు" అన్న ముక్కే 27 తినేస్తుంది. అందుకని ఎస్సెమ్మెస్‌కు ఒకటి, ఫొటో కిందకు ఒకటి విడిగా రాయాలి. ఎస్సెమ్మెస్‌లో ఒక్క విషయానికే చోటుంటే ఏది ఉంచాలి? నేనైతే ఉచితం గురించి రాయను. అది టీవీలో, పేపర్లో, వీధిలో అందరూ చెబుతారు. "ముందు మీరు కట్టాలి, 48 గంటల్లో తిరిగి వస్తుంది" అన్నదే ఎవరూ చెప్పని ముక్క. ఫొటో కింద కూడా మొదటి రెండు లైన్లు దాటాక మిగతాది మడిచేస్తారు, నొక్కితే గానీ తెరుచుకోదు. కాబట్టి ఆ ముక్క ఆ రెండు లైన్లలోనే పడాలి.

చివరికి రాసింది ఇది:

దీపం-2: ఏడాదికి 3 గ్యాస్ సిలిండర్లు ఉచితం. సిలిండర్ వచ్చినప్పుడు బిల్లు డబ్బు ముందు మీరే కట్టాలి.
సిలిండర్ ఇంటికి వచ్చిన 48 గంటల్లో ప్రభుత్వం ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. రెండు ఖాతాలుంటే, ప్రభుత్వ డబ్బులు పడే ఖాతాలో చూడండి.
తెల్ల రేషన్ కార్డు, ఆధార్, గ్యాస్ కనెక్షన్ ఉండాలి.
ఇప్పుడు దొరికేది మొదటి సిలిండర్. బుక్ చేసుకోవడానికి ఆఖరి రోజు 2025 మార్చి 31.
డబ్బు పడకపోతే 1967కు ఫోన్ చేయండి.
ఈ సమాచారం 2024 నవంబరు నాటిది.

ఫొటో కూడా మార్చమని అడిగాను. నవ్వే ఆవిడ బదులు గ్యాస్ బిల్లు పెట్టమన్నాను, పేరూ కనెక్షన్ నంబరూ చెరిపేసి, కట్టిన మొత్తం, తేదీ కనపడేలా. ఆ తేదీ నుంచే 48 గంటలు. ఫొటోయే సగం క్యాప్షన్ అవుతుంది.

పంపే ముందు దీన్ని మా వీధిలో ఐదుగురికి చదివి వినిపించాను. ఇస్త్రీ బండి ఆయన, ఇడ్లీ బండి అక్క, మా అపార్టుమెంటు వాచ్‌మన్, ఆయన భార్య, పిన్ని. "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే మన దగ్గర ఎవరైనా "అర్థమైందమ్మా" అనే అంటారు, కాదంటే చదువు రానివాళ్లనుకుంటారని. "సిలిండర్ వచ్చిన రోజు చేతిలో డబ్బుండాలా?" అని అడిగాను. పాత కార్డు వినిపించినప్పుడు ఐదుగురిలో నలుగురు అక్కర్లేదన్నారు. కొత్తది విన్నాక ఐదుగురూ ఉండాలన్నారు. "ఎంతుండాలి?" అంటే బిల్లు ఎంతైతే అంత అన్నారు. "ఫిబ్రవరిలో ఇంకొకటి బుక్ చేస్తే దాని డబ్బూ వస్తుందా?" అన్న ప్రశ్నకు మాత్రం వాచ్‌మన్ వస్తుందన్నాడు. "ఇప్పుడు దొరికేది మొదటి సిలిండర్" అన్న వాక్యం అతనికి చాలలేదు. "మార్చి 31 దాకా ఒక్కటే" అని మార్చి మళ్లీ చదివాను. అప్పుడు రాదన్నాడు. ఆ మార్పుతోనే కార్డు బయటకు వెళ్లింది.

ఆఖరి లైను, అదే తేదీ చెప్పే లైను, చోటు దండగ అని తీసేయమన్నారు. పట్టుబట్టి ఉంచాను. ఫోన్లలో తిరిగే కార్డు ఎప్పటికీ చావదు. విడత మారుతుంది, నిబంధన మారుతుంది, కార్డు మాత్రం అలాగే తిరుగుతుంటుంది. ఏప్రిల్ రెండో వారంలో పిన్ని మా గ్రూపులో దాన్నే మళ్లీ పెట్టింది, ఎవరో ఆమెకు పంపారట. కింద ఒక మాట రాసింది: "ఇది నవంబరుది గదే, మార్చితో అయిపోయింది. కొత్తది ఉంటే పంపు."